మిర్చి ధర టైటిల్‌కూ వీడియోకూ పొంతన తప్పితే ఛానల్‌కు ఏమవుతుంది

క్లుప్తంగా: వరంగల్ ఎనుమాముల మార్కెట్ ధరలు చెప్పే యూట్యూబ్ వీడియోలకు జెండా పాట రేటునే, అంటే పొద్దున నాణ్యమైన రాశికి పలికే గరిష్ఠ ధరనే, టైటిల్‌గా పెట్టడం పరిపాటి అయింది. ఆ అంకె నిజమే కావచ్చు. కానీ యార్డుకొచ్చిన సరుకంతా ఆ ధరకే పోయిందన్నట్టు చూపిస్తే అది చూసేవారిని తప్పుదారి పట్టించడమే. ఇలాంటి టైటిల్‌కు క్లిక్కులు ఎక్కువ పడతాయి. చూసే సమయం, చూసినవారి తృప్తి, మళ్లీ వచ్చేవారి సంఖ్య మాత్రం పడిపోతాయి. హద్దు దాటితే వ్యవహారం వీడియో తొలగింపు, స్ట్రైకుల దాకా పోతుంది.

## ఒక్క రాశికి పలికిన ధర

సంక్రాంతి దాటాక ఎనుమాములకు ఎండు మిర్చి రాక మొదలై, వేసవి దాకా జోరుగా సాగుతుంది. ఆ నెలల్లో వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల మిర్చి రైతులు ఫోన్‌లో ఎక్కువగా వెతికేది ఆ రోజు ధరనే. ఆ అవసరం చుట్టూ చిన్న చిన్న ఛానళ్లు చాలా పుట్టాయి. పొద్దున్నే యార్డుకు వెళ్లి, నాలుగు రాశుల దగ్గర వీడియో తీసి, మధ్యాహ్నంలోపు పెట్టేస్తారు. ఇది పనికొచ్చే పనే. మార్కెట్‌కు పోకుండానే ఊళ్లో కూర్చున్న రైతుకు అక్కడి పరిస్థితి తెలుస్తుంది.

చిక్కు జెండా పాట దగ్గర మొదలవుతుంది. పొద్దున కొనుగోళ్లు మొదలయ్యేటప్పుడు నాణ్యమైన రాశి దగ్గర ఖరీదుదారులు, అడ్తిదారులు, మార్కెట్ సిబ్బంది చేరి పాడే మొదటి పాటను ఖమ్మం, వరంగల్ యార్డుల్లో జెండా పాట అంటారు. ఆ రోజుకు అదే గరిష్ఠ ధర. తర్వాత మిగతా రాశులను ఖరీదుదారులు ఒక్కొక్కటిగా చూసి తేమ ఉందనో, రంగు తగ్గిందనో, తాలు కలిసిందనో ధర తగ్గిస్తూ పోతారు. అలా తగ్గించడం ఎంతవరకు న్యాయమన్నది వేరే చర్చ, అదీ అవసరమైన చర్చే. ఇక్కడ గమనించాల్సింది ఒకటే: జెండా పాట ధర దక్కేది కొద్ది రాశులకు, అమ్మకం లెక్క రాసిచ్చే తక్‌పట్టీల మీద చాలామందికి పడేది అంతకన్నా తక్కువ అంకె.

లెక్క తేలికగా ఉండటానికి జెండా పాట క్వింటాకు 15,000 అనుకుందాం. అదే రోజు చాలా రాశులు 11,500 నుంచి 13,500 మధ్య అమ్ముడయ్యాయనుకుందాం. ‘వరంగల్‌లో మిర్చి 15,000! రైతులకు పండగే’ అని టైటిల్ పెట్టి, థంబ్‌నెయిల్‌లో నోట్ల కట్టలు చూపిస్తే అందులో తప్పు అంకె ఒక్కటీ లేదు. అయినా పది క్వింటాళ్లున్న రైతు దాన్ని చూసి లక్షన్నర వస్తుందని లెక్కేసుకుంటాడు. ట్రాలీ మాట్లాడుకుని సరుకు తెచ్చాక 12,500కు పోతే చేతికొచ్చేది లక్షా పాతిక వేలు. అందులోంచే కిరాయి, హమాలీ, కమీషన్ పోవాలి. ఆ పాతిక వేల తేడాకు టైటిల్ ఒక్కటే కారణం కాదు. కానీ ఆ అంచనా అతడి మనసులో వేసింది ఆ టైటిలే.

క్లిక్‌బైట్ అనగానే పచ్చి అబద్ధాలే గుర్తుకొస్తాయి. బతికున్న నటుడు చనిపోయాడని చెప్పే టైటిల్‌ను పట్టుకోవడానికి విశ్లేషణ అక్కర్లేదు. ఎక్కువ నష్టం చేసేది, పెట్టినవారికే తప్పుగా తోచనిది, నిజమైన అంకెను తప్పు చోట నిలబెట్టే ఈ రకం.

## ఆసక్తి ఎక్కడ పుడుతుంది

మనిషికి కుతూహలం ఎలా కలుగుతుందన్న దానిపై అమెరికా ఆర్థిక, మనస్తత్వ పరిశోధకుడు జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో ఒక వివరణ ఇచ్చారు. తనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ ఉందని గుర్తించినప్పుడు మనిషికి ఒక వెలితి కలుగుతుందని, ఆ వెలితే కుతూహలమని ఆయన సిద్ధాంతం. అందులో టైటిళ్లు రాసేవారికి పనికొచ్చే విషయం ఒకటుంది. ఏమీ తెలియనిచోట కుతూహలం బలంగా పుట్టదు, కొంత తెలిసి కొంత తెలియనప్పుడే పుడుతుంది.

మిర్చి రైతుకు జెండా పాట అంటే ఏమిటో తెలుసు. తన సరుకుకు అది రాదనీ తెలుసు. తెలియనిది ఇవాళ ఎంత తేడా వచ్చిందన్నది. కాబట్టి ‘తేజ మిర్చి, ఎనుమాముల, ఫిబ్రవరి 12: జెండా పాటకూ మిగతా రాశులకూ తేడా ఎంత?’ అన్న టైటిల్ అతడి మనసులో అప్పటికే ఉన్న ఖాళీని తాకుతుంది. జవాబు టైటిల్‌లో లేదు, వీడియోలో ఉంది. దాచినది జవాబును మాత్రమే. ప్రశ్న ఏమిటో, ఏ రకానికో, ఏ రోజుదో దాచలేదు.

‘మిర్చి ధర చూస్తే షాక్ అవుతారు’ అన్న టైటిల్ దాచేది జవాబును మాత్రమే కాదు, ప్రశ్నను కూడా. ధర పెరిగిందా పడిందా, తేజ రకానిదా చపాటా రకానిదా, వరంగల్‌దా గుంటూరుదా ఏమీ తెలియదు. క్లిక్ చేసినవాళ్లు తలా ఒక ప్రశ్న ఊహించుకుని లోపలికి వస్తారు. వీడియో వాటిలో ఒకదానికే జవాబు చెప్పగలదు. మిగతావారు మోసపోయినట్టే వెళ్తారు, పెట్టినవారికి మోసగించే ఉద్దేశం లేకపోయినా.

ఆసక్తికీ మోసానికీ మధ్య గీత ఇక్కడే ఉంది. నిజాయతీ ఉన్న టైటిల్ విషయం చప్పగా చెప్పేయాలన్న నియమమేమీ లేదు. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుందని ఒక వీడియో టైటిల్ చెబితే నమ్మబుద్ధి కాదు, వెంటనే చూడాలనిపిస్తుంది. కానీ ఆ ఇటుకల తేలికదనం నిజం. వీడియోలో దాన్ని చూపించి, ఎందుకు అంత తేలికో చెబితే టైటిల్ తన మాట నిలబెట్టుకున్నట్టే. అదే వీడియోకు ‘రామప్ప గుడిలో దొరికిన రహస్యం, శాస్త్రవేత్తలకే అంతుపట్టలేదు’ అని పెడితే, లోపలున్న మంచి విషయానికే అన్యాయం జరుగుతుంది.

ఏ వైపు ఉన్నామో తేల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు. వీడియో చివరిదాకా చూసినవారిని దానికి పేరు పెట్టమంటే, ఇంచుమించు అదే అర్థం వచ్చే పేరు పెడతారా? పెడతారంటే అది ఆసక్తి. ‘ఇందులో అది లేదుగా’ అంటే అది క్లిక్‌బైట్.

## పది వేల తెరల మీద రెండు టైటిళ్లు

క్లిక్కులు ఎక్కువ వస్తున్నప్పుడు నష్టమెక్కడ అన్నది ఛానల్ నడిపేవారి న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం ఒకే వీడియోను రెండు టైటిళ్లతో పోల్చి చూడాలి. కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవి.

వీడియో నిడివి ఎనిమిది నిమిషాలు. మొదట జెండా పాట ధర, తర్వాత ఐదారు రాశుల దగ్గర పలికిన ధరలు, చివర్లో ఏ రాశికి ఎందుకు తగ్గించారో ఉంటుంది. రెండు టైటిళ్లకూ పది వేల చొప్పున ఇంప్రెషన్లు వచ్చాయనుకుందాం. థంబ్‌నెయిల్ కనీసం సగం భాగం, ఒక సెకనుకు మించి తెర మీద కనిపిస్తే యూట్యూబ్ దాన్ని ఒక ఇంప్రెషన్‌గా లెక్కేస్తుంది. ఇంప్రెషన్లలో క్లిక్ అయిన శాతమే సీటీఆర్. యూట్యూబ్‌లోని ఛానళ్లు, వీడియోల్లో సగానికి ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని ఆ సంస్థే చెబుతోంది.

‘రైతులకు పండగే’ టైటిల్‌కు సీటీఆర్ 9 శాతం వచ్చిందనుకుందాం. అంటే 900 మంది వచ్చారు. ధర అందరికీ 15,000 కాదని మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది కాబట్టి సగటున 50 సెకన్లు చూసి వెళ్లారు. మొత్తం 45,000 సెకన్లు, అంటే పన్నెండున్నర గంటలు. ‘తేడా ఎంత’ టైటిల్‌కు సీటీఆర్ 5 శాతమే. వచ్చినవారు 500 మంది. కానీ వారు వచ్చింది ఆ తేడా తెలుసుకోవడానికే కాబట్టి రాశి తర్వాత రాశి చూస్తూ సగటున మూడున్నర నిమిషాలు ఉన్నారు. మొత్తం లక్షా ఐదు వేల సెకన్లు, ఇరవై తొమ్మిది గంటల పైమాట.

వ్యూస్‌లో మొదటిది దాదాపు రెట్టింపు. చూసిన సమయంలో రెండోది రెట్టింపును మించింది. వ్యూస్ మాత్రమే చూసుకునే ఛానల్ మొదటి టైటిల్ గెలిచిందనుకుని రేపూ అలాంటిదే పెడుతుంది. యూట్యూబ్ లెక్క మరోలా ఉంటుంది.

## యూట్యూబ్ దేన్ని కొలుస్తుంది

తొలి రోజుల్లో యూట్యూబ్ సిఫార్సులు ప్రధానంగా వ్యూస్ మీద ఆధారపడేవి. దానివల్ల బొమ్మ ఒకటి, లోపల సరుకు ఒకటిగా ఉన్న వీడియోలు పైకి తేలాయి. 2012లో ఆ సంస్థ క్లిక్కులకు బదులు చూసిన సమయానికి ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. సమయం ఒక్కటే కొలమానమైతే సాగదీసిన వీడియోలకు మేలు జరుగుతుంది. అందుకే తర్వాత చూసినవారిని నేరుగా అడిగే సర్వేలు వచ్చి చేరాయి. వీడియో చూశాక ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇమ్మని అప్పుడప్పుడు తెర మీద కనిపించే ప్రశ్న అందులో భాగమే. లైకులు, డిస్‌లైకులు, షేర్లు, ‘ఈ ఛానల్‌ను చూపించొద్దు’ అన్న ఎంపిక కూడా లెక్కలోకి వస్తాయి. ఊరించి లోపల ఏమీ ఇవ్వని వీడియోల సిఫార్సులు తగ్గేలా మార్పులు చేసినట్టు 2019 జనవరిలో యూట్యూబ్ చెప్పింది.

యూట్యూబ్ ఎటు మొగ్గుతోందో చెప్పడానికి దాని సొంత పనిముట్టే చాలు. ఒక వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి ఏది మెరుగో పరీక్షించే సౌకర్యం 2024లో ఛానళ్లకు విస్తృతంగా అందింది. అందులో గెలుపును తేల్చేది సీటీఆర్ అనుకుంటారు చాలామంది. అది తేల్చేది ఏ థంబ్‌నెయిల్ వల్ల ఎక్కువ సమయం చూశారన్న లెక్కతో. పై ఉదాహరణను ఆ పరీక్షకు పెడితే 9 శాతం తెచ్చినదే ఓడిపోతుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. క్లిక్‌బైట్ పెట్టిన ఛానల్‌కు యూట్యూబ్ ఎక్కడో రహస్యంగా మైనస్ మార్కులు వేసి కిందికి తొక్కుతుందని ఛానల్ నడిపేవారు తరచూ అనుకుంటారు. సిఫార్సులు ప్రధానంగా చూసే మనిషిని బట్టి నడుస్తాయి. ములుగులో ఉన్న రైతు ఒక ఛానల్ వీడియోలు రెండు మూడు తెరిచి అరనిమిషంలో మూసేస్తే, అతడి తెర మీద ఆ ఛానల్ కనిపించడం తగ్గుతుంది. పక్కింటివారి ఫోన్‌లో అదే ఛానల్ మామూలుగానే కనిపించవచ్చు. ఇలా ఒక్కొక్కరి దగ్గర జరిగేది వందల మంది దగ్గర జరిగినప్పుడు మొత్తం ఇంప్రెషన్లు పడిపోతాయి. అప్పటికి ఏ వీడియో వల్ల పడిపోయాయో వేలు పెట్టి చూపించడం కష్టమవుతుంది. జిల్లా స్థాయి ధరల ఛానల్‌కు ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే దాని ప్రేక్షకులు పరిమితం. దేశమంతా చూసే వినోద ఛానల్ వందమందిని పోగొట్టుకుంటే మరో వందమంది వస్తారు. మూడు నాలుగు జిల్లాల మిర్చి రైతులను పోగొట్టుకున్న ఛానల్ మళ్లీ కొత్త మిర్చి రైతులను ఎక్కడి నుంచి తెస్తుంది?

## గ్రాఫ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

టైటిల్ మాట తప్పిందా లేదా అన్నది యూట్యూబ్ స్టూడియోలోని రిటెన్షన్ గ్రాఫ్‌లో కనిపిస్తుంది. మొదటి ముప్పై సెకన్ల తర్వాత ఎంత శాతం మంది ఇంకా చూస్తున్నారో అక్కడ విడిగా ఉంటుంది. ఏ వీడియోకైనా మొదట్లో కొంతమంది వెళ్లిపోతారు. గమనించాల్సింది ఛానల్ సొంత సగటుతో తేడాను. తన మిగతా వీడియోలకన్నా సీటీఆర్ బాగా ఎక్కువగా ఉండి, ముప్పై సెకన్ల శాతం బాగా తక్కువగా ఉంటే, ఆ రెండూ కలిసి వచ్చిన వీడియో టైటిల్‌ను అనుమానించాలి. సీటీఆర్ తక్కువగా ఉందనో, రిటెన్షన్ తక్కువగా ఉందనో విడివిడిగా చూస్తే ఏమీ తేలదు. వీడియో కొత్తవారికి ఎక్కువగా చేరేకొద్దీ సీటీఆర్ దానంతటదే తగ్గుతుంది, అది తప్పుకు గుర్తు కాదు.

ధరల వీడియోలకు ఇంకో ప్రత్యేకత ఉంది. తొందరలో ఉన్న రైతుకు కావలసింది తన రకం ధర ఒక్కటే. నలభై సెకన్లలో అది దొరికితే చూసి వెళ్లిపోతాడు. తృప్తిగా వెళ్లిన ఆ మనిషీ, మోసపోయి వెళ్లిన మనిషీ సగటు సమయం లెక్కలో ఒకేలా కనిపిస్తారు. తేడాను గ్రాఫ్ ఆకారం చెబుతుంది. జనం వీడియోను ముందుకు జరుపుతూ వచ్చి ధర చెప్పిన చోట ఆగితే, అక్కడ గీత పైకి లేస్తుంది, తర్వాతే దిగుతుంది. మోసపోయినవారి విషయంలో అలాంటి గుట్ట ఎక్కడా ఉండదు, మొదటి నుంచీ జారుడే. డిస్‌లైకుల సంఖ్య 2021 నవంబరు నుంచి చూసేవారికి కనిపించకపోయినా ఛానల్ యజమానికి స్టూడియోలో కనిపిస్తుంది. లైకుల నిష్పత్తి తన మామూలు వీడియోలకన్నా పడిపోయిందేమో చూసుకోవచ్చు. అన్నిటికన్నా నమ్మదగ్గది మళ్లీ వచ్చే ప్రేక్షకుల సంఖ్య. తేజ ధర సరిగ్గా తెలుసుకున్న రైతు మరుసటి మార్కెట్ రోజున మళ్లీ వస్తాడు. సీజన్ నడుస్తుండగానే ఆ సంఖ్య తగ్గుతోందంటే నమ్మకం తగ్గుతోందనే అర్థం.

## ‘ఈరోజు’ అన్న మాటతో వచ్చే తప్పు

టైటిల్‌లో ఏ దురుద్దేశమూ లేకుండానే అబద్ధంగా మారే మాట ‘ఈరోజు’. ‘ఈరోజు వరంగల్ మిర్చి ధర’ అన్న టైటిల్ ఆ రోజుకు పూర్తిగా నిజం. వారం తర్వాత వెతికినవారికి కూడా అది ‘ఈరోజు’ అనే చెబుతుంది. యూట్యూబ్‌లో చూస్తే ఎన్ని రోజుల కిందటిదో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పడిన లింకులో ముందుగా కనిపించేవి టైటిల్, థంబ్‌నెయిలే. మిర్చి ధర రోజు రోజుకూ మారేచోట, పాత ధరను ఇవాళ్టిదనుకుని సరుకు ఎత్తే ప్రమాదం ఇక్కడుంది. తేదీ, మార్కెట్ పేరు, రకం పేరు టైటిల్ మొదట్లోనే పెడితే ఈ తప్పు పుట్టదు. టైటిల్‌కు వంద అక్షరాల దాకా అవకాశం ఉన్నా ఫోన్ తెర మీద చివరి భాగం తెగిపోతుంది, అందుకే మొదట్లో పెట్టాలి.

రకం పేరు వదిలేయడం కూడా ఇలాంటిదే. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా ఎర్రని రంగుకు, తక్కువ ఘాటుకు పేరుపడ్డది. తేజ ఘాటుకు పేరుపడ్డది. రెండింటికీ కొనేవారు వేరు, ధరల దారులు వేరు. చపాటాకు వచ్చిన ధరను ‘మిర్చి ధర’ అని పెడితే తేజ పండించిన రైతు తనదేననుకుంటాడు.

పాత దృశ్యాలు మరింత దూరం పోతాయి. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వరద ముంచెత్తింది. అలాంటి పాత వరద దృశ్యాలకు ‘లైవ్’ అని పేరు పెట్టి, తర్వాత ఎప్పుడో పడిన వానకు అంటగడితే వాగు అవతల బంధువులున్నవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. దీన్ని అతిశయోక్తి టైటిల్‌గా చూడలేం. ఇది మోసపూరిత మెటాడేటా కిందికే వస్తుంది.

## నిబంధనలు ఎక్కడ పట్టుకుంటాయి

వీడియోతో పాటు వెళ్లే టైటిల్, థంబ్‌నెయిల్, డిస్క్రిప్షన్, ట్యాగులు, హ్యాష్‌ట్యాగులన్నీ కలిపి మెటాడేటా. లోపల లేనిది ఉన్నట్టు నమ్మించడానికి వీటిని వాడటం యూట్యూబ్ స్పామ్, మోసపూరిత పద్ధతుల నిబంధనకు విరుద్ధం. 2024 డిసెంబరులో ఆ సంస్థ భారతదేశానికే ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది. ముఖ్యంగా తాజా వార్తలు, వర్తమాన ఘటనల విషయంలో వీడియోలో లేనిదాన్ని టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో చూపే వీడియోల మీద చర్యలు పెంచుతామని చెప్పింది. దేశాధ్యక్షుడి రాజీనామా అని టైటిల్ పెట్టి లోపల ఆ మాటే ఎత్తకపోవడాన్ని ఉదాహరణగా చూపింది. ఛానళ్లు సర్దుకోవడానికి వీలుగా మొదట్లో స్ట్రైక్ వేయకుండా వీడియోలను తొలగిస్తామనీ తెలిపింది.

జెండా పాట టైటిల్ ఈ నిబంధన కిందికి వస్తుందా? చాలా సందర్భాల్లో రాకపోవచ్చు, ఎందుకంటే ఆ ధర వీడియోలో నిజంగానే ఉంటుంది. నిబంధన పట్టుకునేది లేనిదాన్ని, సగం నిజాన్ని పట్టుకునేది ప్రేక్షకుడే. ఈ తేడా తెలియక ‘యూట్యూబ్ ఏమీ అనలేదు కాబట్టి తప్పు లేదు’ అనుకునే ఛానళ్లు, తొలగింపుకన్నా నెమ్మదిగా వచ్చే నష్టాన్ని గమనించవు. అదే ఛానల్ ఒకరోజు ‘మిర్చికి ప్రభుత్వం బోనస్ ప్రకటన’ అని టైటిల్ పెట్టి, లోపల బోనస్ ఇవ్వాలన్న రైతుల డిమాండ్‌ను మాత్రమే చూపితే అది నిబంధన పరిధిలోకి వచ్చే అవకాశం గట్టిగా ఉంది. ప్రకటన జరగలేదు, జరిగిందని టైటిల్ చెప్పింది.

తప్పు తేలితే మొదటిసారి సాధారణంగా హెచ్చరిక వస్తుంది. యూట్యూబ్ ఇచ్చే చిన్న శిక్షణ పూర్తిచేసి, తొంభై రోజుల పాటు అదే నిబంధనను మళ్లీ మీరకపోతే ఆ హెచ్చరిక తొలగిపోతుంది. మీరితే స్ట్రైక్ పడుతుంది. తొలి స్ట్రైక్‌కు ఒక వారం కొత్త వీడియోలు పెట్టడం, లైవ్ ఇవ్వడం కుదరదు. తొంభై రోజుల్లో రెండోది పడితే రెండు వారాలు. మూడోది పడితే ఛానల్ శాశ్వతంగా పోతుంది. వీడియోను తీసేసినంత మాత్రాన స్ట్రైక్ పోదు, తప్పుగా పడిందనుకుంటే అప్పీలు చేసుకోవాలి. పాటల ఛానల్‌కు వారం ఆగిపోవడం ఇబ్బందే కానీ తట్టుకోగలదు. మిర్చి సీజన్ నడుమ వారం మూగబోయిన ధరల ఛానల్ దగ్గరికి వచ్చేవారు ఆ వారంలోనే వేరే ఛానల్‌కు అలవాటుపడిపోతారు.

డిస్క్రిప్షన్‌లో ట్యాగులు కుక్కడం ఇంకో అలవాటు. ఎనుమాముల వీడియో కింద గుంటూరు మిర్చి, ఖమ్మం మిర్చి, సీసీఐ పత్తి, రైతు భరోసా అంటూ వరుస పేర్చితే వెతికేవారందరికీ దొరుకుతుందని ఆశ. వీడియోకు సంబంధం లేని మాటలను అలా పేర్చడం నిబంధనకు విరుద్ధం, పైగా ఫలితమూ లేదు. జనం పేరు తప్పుగా టైపు చేసే సందర్భాల్లో తప్ప ట్యాగుల పాత్ర చాలా తక్కువని యూట్యూబే చెబుతోంది. రైతు భరోసా కోసం వెతికి వచ్చినవారు మిర్చి రాశులు చూసి వెనక్కిపోతే, ఆ వెళ్లిపోవడాలన్నీ పోయి చేరేది ఇదే వీడియో ఖాతాలో.

## దిద్దుకోవడానికి ఉన్న వీలు

ఇప్పటికే అలాంటి టైటిళ్లతో నడిచిన ఛానల్‌కు దారులు మూసుకుపోలేదు. టైటిల్, థంబ్‌నెయిల్, డిస్క్రిప్షన్ మూడింటినీ వీడియో పెట్టాక కూడా మార్చవచ్చు, వ్యూస్ పోవు. అన్నీ ఒకేసారి తిరగరాయడం వృథా. ఇంకా ఇంప్రెషన్లు వస్తున్న పాత వీడియోలను స్టూడియోలో వెతికి, ముందు వాటి టైటిల్‌లో తేదీ, రకం చేర్చాలి. నోట్ల కట్టల బొమ్మ తీసి ఆ రోజు రాశి బొమ్మ పెట్టాలి. టైటిల్ మార్చాక క్లిక్కులు కొన్ని రోజులు తగ్గవచ్చు. వెంటనే పాత టైటిల్‌కు తిరిగి వెళ్లకుండా, చూసే సగటు సమయం ఎటు పోతోందో గమనించాలి.

కొత్త వీడియోల్లో తేడా తెచ్చేది మొదటి అరనిమిషం. టైటిల్‌లో అడిగిన ప్రశ్నను అక్కడే మళ్లీ పలికి, జెండా పాట ధర వెంటనే చెప్పేసి, మిగతా రాశుల దగ్గరికి నడిస్తే చూసేవారికి తాము సరైన చోటికే వచ్చామని తెలుస్తుంది. గరిష్ఠ ధర చివర్లో చెబుతామని ఊరించడం వల్ల లాభం లేదు. అది ఎలాగూ ఏదో ఒక గ్రూపులో ముందే వచ్చేసి ఉంటుంది. ఆ గ్రూపుల్లో దొరకనిది మధ్యరకం సరుకు ధర. రైతు ఒప్పుకుంటే ఒకటి రెండు తక్‌పట్టీలను, పేరూ ఫోన్ నంబరూ కప్పి తెర మీద చూపిస్తే ఆ ధరకు రుజువు కూడా దొరుకుతుంది. తేమ ఎంత ఉంటే ఎంత తగ్గించారో, తాలు ఏరి తెచ్చిన రాశికి ఎంత తేడా వచ్చిందో అక్కడే అడగవచ్చు. అలాంటి వీడియోకు ‘తాలు ఏరిన రాశికి ఎంత ఎక్కువ వచ్చింది? తేజ, ఎనుమాముల, ఫిబ్రవరి 12’ అని పేరు పెడితే, ఇంట్లో ఇంకా కల్లం మీదే సరుకున్న రైతు దాన్ని తెరవడానికి కారణం ఉంటుంది, ఏరించాలా వద్దా అని తేల్చుకునేదాకా చూడటానికీ కారణం ఉంటుంది.